తొడ ఎముకకు క్యాన్సర్ పాకితే: కరెంటు చాలా, ముందు రాడ్ వేయించాలా?

నేను అనంతపురంలో ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, కిడ్నీ క్యాన్సర్ ఉన్నవాళ్ల పిల్లలు ఎక్స్‌రే కవరు పట్టుకొని వచ్చి అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: "తొడ ఎముకలో మచ్చ ఉందన్నారు సార్. కరెంటు పెడితే తగ్గిపోతాదంట కదా, మళ్లీ ఆపరేషన్ ఎందుకు?" ఇక్కడ కరెంటు అంటే రేడియేషన్. ఆపరేషన్ అంటే ఎముక విరగకముందే దాని లోపల ఆసరాగా రాడ్ వేయడం. ఆ ప్రశ్నకు జవాబు తేల్చుకోవడానికి ఇంట్లోవాళ్లు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. నిర్ణయం మీ డాక్టర్లదే. ఆ నిర్ణయానికి కావాల్సినవన్నీ వాళ్ల ముందు పెట్టడం మీ పని.

ఒక్క విషయం ముందే చెప్పాలి. రేడియేషన్ నొప్పిని తగ్గిస్తుంది, అక్కడి క్యాన్సర్ కణాలను చంపుతుంది, కానీ ఎముకకు వెంటనే బలం ఇవ్వదు. చెద పట్టిన దూలానికి మందు కొడితే చెద చస్తుంది, తినేసిన చోటు మాత్రం అలాగే ఉంటుంది. ఎముకలో ఆ ఖాళీ మళ్లీ పూడటానికి నెలలు పడుతుంది. ఈలోపు నొప్పి తగ్గిందని మనిషి మామూలుగా నడుస్తాడు, ఎముక అప్పుడే విరుగుతుంది.

చేతిలో ఉండాల్సినవి

- తొడ ఎముక మొత్తం, తుంటి నుంచి మోకాలి దాకా, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన ఎక్స్‌రేలు
- మొదటి క్యాన్సర్ తాలూకు బయాప్సీ రిపోర్టు
- ఇంతవరకు ఎక్కడెక్కడ కరెంటు పెట్టారో, ఎంత డోసు ఇచ్చారో రాసిన కాగితం
- ఈ వారంలో చేసిన రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాల్షియం, ఆల్బుమిన్
- వాకర్, ఇంట్లో మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ

పెట్ స్కాన్ చేయించాం కదా, ఎక్స్‌రే ఎందుకు అంటారు చాలామంది. క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో స్కాన్ చెబుతుంది. ఎముక ఎంత మందం మిగిలిందో, బరువు మోస్తుందో లేదో చూడటానికి మాత్రం మామూలు ఎక్స్‌రేనే మొదటి ఆధారం, అవసరమైతే ఆ చోటుకు సీటీ.

1. ముందు ఆ కాలి మీద బరువు తీసేయండి

ఎముక విరిగే ప్రమాదం ఎంతో చెప్పే స్కోరు తేలేదాకా ఆగొద్దు. ఎక్స్‌రేలో మచ్చ కనిపించిన రోజు నుంచే వాకర్ ఇవ్వండి, నొప్పి ఉన్న కాలును నేలకు ఆనించి ఆనించనట్టు నడిపించండి. తొడ ఎముకను విరిచేది నడక ఒక్కటే కాదు, మెలిక కూడా. కాలు నేల మీద ఉండగా ఒళ్లు తిప్పడం, మంచంలో పక్కకు దొర్లేటప్పుడు ఒక కాలు వెనకపడటం, ఆటోలోంచి ఒంటికాలితో దిగడం, ఇవే ప్రమాదం. నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చునే లెట్రిన్, మేడమెట్లు ఆపేయాలి.

నూనె రాసి గట్టిగా మర్దన చేయించకండి. పుత్తూరు కట్టుకు తీసుకుపోకండి. ఆ కట్టు మంచిదా చెడ్డదా అన్న వాదన నాకొద్దు. క్యాన్సర్ తిన్న ఎముకను లాగి సరిచేయాలని చూస్తే అక్కడే విరుగుతుంది.

"లేచి ఒంటికాలి మీద నిలబడు, ఎంత నొప్పి ఉందో చూద్దాం" అనే పరీక్ష ఇంట్లో ఎప్పుడూ చేయకండి. నొప్పి గురించి నోటితో అడిగితే చాలు.

2. ఎక్స్‌రే సరిగా తీశారో లేదో చూడండి

ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. తుంటి నొప్పి అనగానే నడుము కిందిభాగం ఎక్స్‌రే ఒకటి తీసి ఇస్తారు. అందులో తొడ ఎముక పైభాగం మాత్రమే వస్తుంది. కింద మోకాలి దగ్గర ఇంకో మచ్చ ఉంటే తెలియదు. అది తెలియకుండా పొట్టి రాడ్ వేస్తే, రాడ్ చివర ఆ మచ్చ దగ్గరే ఆగి ఎముక అక్కడ విరగొచ్చు. కాబట్టి ఫిల్ములో తుంటి గుండు నుంచి మోకాలి కీలు దాకా కనబడుతోందా అని మీరే చూడండి. ఒక ఫిల్ములో పట్టకపోతే రెండు ఫిల్ముల్లో తీయమనండి.

ఎక్స్‌రే నార్మల్ అన్నారు, నడిస్తే మాత్రం నొప్పి. అలాంటప్పుడు అక్కడితో వదిలేయొద్దు. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతే తప్ప ఎక్స్‌రేలో మచ్చ కనబడదు. సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అడగండి. ఇంకో మాట: తొడ నొప్పి, మోకాలి నొప్పి తుంటి నుంచి కూడా రావొచ్చు. మోకాలికి ఇంజెక్షన్లు వేయించుకుంటూ పోయి చివరికి తుంటి దగ్గర విరిగాక తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

3. స్కోరు వేయండి

దక్షిణాఫ్రికా డాక్టర్ హిల్టన్ మిరెల్స్ 1989లో ఒక లెక్క ఇచ్చారు. చేయి, కాలు పొడవు ఎముకలకు ఇప్పటికీ ఇదే వాడుతున్నాం. నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు, మొత్తం 12.

- చోటు: చేయి 1, కాలు 2, తుంటి కింద ట్రోకాంటర్లనే ఎముక గుబ్బల చుట్టుపక్కల అయితే 3
- నొప్పి: కొద్దిగా 1, మధ్యస్థంగా 2, ఆ కాలు వాడినప్పుడల్లా వచ్చేది 3
- మచ్చ రకం: ఎముక తెల్లగా గట్టిపడిన బ్లాస్టిక్ 1, రెండూ కలిసిన మిక్స్‌డ్ 2, ఎముకను తినేసిన లైటిక్ 3
- సైజు: ఎముక వెడల్పులో మూడో వంతులోపు 1, మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా 2, అంతకు మించితే 3

మొత్తం 7 లేదా అంతకు తక్కువైతే కరెంటు పెట్టి కనిపెట్టుకొని ఉండొచ్చు. 9 లేదా ఎక్కువైతే ముందే రాడ్ వేయడం మంచిది. 8 దగ్గరే అసలు చిక్కు.

మిరెల్స్ చూసింది 38 మందిలో 78 మచ్చలు మాత్రమే. అందులో 27 చోట్ల ఆరు నెలల్లో ఎముక విరిగింది. ఆయన లెక్కలో 7 వచ్చినవాటిలో విరిగినవి 4 శాతం, 8లో 15 శాతం, 9లో 33 శాతం. అంటే 9 వచ్చినంత మాత్రాన విరిగి తీరుతుందని కాదు, మూడింట రెండు వంతులు విరగలేదు. అయినా 9కి రాడ్ వేద్దామని ఎందుకంటామంటే, విరిగాక చేసే ఆపరేషన్ ఇంకా కష్టం, రక్తం ఎక్కువ పోతుంది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాలి, కీమో వెనకపడుతుంది.

లెక్క తప్పేది రెండు చోట్ల. ఒకటి నొప్పి దగ్గర. ట్రమడాల్ గానీ మార్ఫిన్ గానీ వేసుకొని వచ్చిన మనిషిని "నొప్పి ఎలా ఉంది" అంటే "పర్లేదు" అంటారు, ఒక మార్కో రెండో తగ్గిపోతాయి. మాత్ర వేసుకోకముందు, అడుగు వేసినప్పుడు ఎలా ఉండేదో చెప్పండి. పడుకున్నా రాత్రంతా నొప్పి ఉంటే అది క్యాన్సర్ నొప్పి కావొచ్చు. కాలు ఆనిస్తే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పి మాత్రం ఎముక మోయలేకపోతోందని చెబుతుంది. ఈ రెండో రకాన్ని డాక్టరుకు విడిగా చెప్పాలి.

రెండోది సైజు. రెండు ఎక్స్‌రేల్లో ఏది పెద్దగా కనబడితే దాన్నే తీసుకోవాలి. కొలిచేది మచ్చ పొడవు కాదు, అడ్డంగా ఎముక వెడల్పులో ఎంత పోయిందన్నది.

ఈ స్కోరు వెన్నెముకకు పనికిరాదు. వెన్నుపూసలకు వేరే లెక్క ఉంది. వెన్ను నొప్పితో పాటు రెండు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి పట్టినా, మూత్రం ఆగినా ఆ రోజే ఎంఆర్ఐ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారనివ్వకండి.

4. లెక్క వేసి చూద్దాం

డోన్ దగ్గర పల్లెలో ఉండే 56 ఏళ్ల అమ్మ అనుకోండి. నాలుగేళ్ల కింద రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు కుడి తొడ నొప్పి. కూర్చుంటే ఏమీ ఉండదు, బిందె పట్టుకొని నాలుగడుగులు వేస్తే కూలబడుతుంది. ఎక్స్‌రేలో లెసర్ ట్రోకాంటర్ అనే చిన్న గుబ్బకు కాస్త కింద నల్లటి మచ్చ. అక్కడ ఎముక వెడల్పు 30 మిల్లీమీటర్లు, అందులో 18 పోయింది. చోటుకు 3, నొప్పికి 3, లైటిక్ కాబట్టి 3. సైజు 60 శాతం, అంటే మూడింట రెండు వంతుల లోపే, 2. మొత్తం 11. ఇక్కడ చర్చ లేదు. ముందు రాడ్, తర్వాత కరెంటు.

ఇప్పుడు ఇంకొకరు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న పెద్దాయన. తొడ ఎముక నడిమధ్య మచ్చ, సగం తెలుపు సగం నలుపు. నొప్పి మధ్యస్థం. ఎముక వెడల్పు 28 మిల్లీమీటర్లు, పోయింది 9. మూడో వంతుకు కొంచెం తక్కువ. 2, 2, 2, 1, మొత్తం 7, కరెంటు చాలు అంటుంది లెక్క. అదే మచ్చను ఇంకో డాక్టర్ 10 మిల్లీమీటర్లని కొలిస్తే సైజుకు 2 వచ్చి మొత్తం 8 అవుతుంది. ఒక్క మిల్లీమీటరుతో దారి మారిపోతోంది. ఇలాంటిచోట స్కోరు మీదే ఆధారపడకుండా సీటీ తీయించాలి. ఎముక పైపొర, అంటే కార్టెక్స్, నిలువునా 30 మిల్లీమీటర్లకు మించి తినేసిందా? చుట్టుకొలతలో సగం పోయిందా? నెదర్లాండ్స్‌లో రేడియేషన్ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో తొడ ఎముక విరుగుతుందని ముందే చెప్పడానికి ఈ 30 మిల్లీమీటర్ల కొలతే బాగా పనికొచ్చింది. అది దాటితే 8 వచ్చినా నేను రాడ్ వైపే మొగ్గుతాను. దాటకపోతే, నొప్పి కూడా నడకతో ముడిపడినది కాకపోతే, కరెంటు, వాకర్, కొన్ని వారాలకొక ఎక్స్‌రే.

5. రాడ్ వేసేముందు ఈ మూడు తేల్చుకోండి

మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. ఇది పాకిన క్యాన్సరేనని రుజువుందా? పాత క్యాన్సర్ ఏదీ లేకుండా, లేదా ఎప్పుడో పదేళ్ల కింద నయమైన క్యాన్సర్ ఉండి, ఇప్పుడు ఒకే ఒక్క ఎముకలో ఒకే మచ్చ ఉంటే బయాప్సీ చేయకుండా రాడ్ వేయనివ్వకండి. అది ఎముకలోనే పుట్టిన సార్కోమా అనే క్యాన్సర్ అయితే, రాడ్ వేసే దారంతా ఎముక పొడవునా కణాలను పరిచినట్టే. కాలు కాపాడే ఆపరేషన్‌కు ఉన్న అవకాశం దాంతో పోవచ్చు. బయాప్సీ కూడా తర్వాత ఆపరేషన్ చేసేవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పిన చోటే చేయించాలి.

రెండోది, కిడ్నీ క్యాన్సర్ గానీ థైరాయిడ్ క్యాన్సర్ గానీ అయితే ఆ మచ్చలో రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు వాటిని మూసే ఎంబొలైజేషన్ ఉంటుంది. అది లేని ఆసుపత్రిలో కత్తి పెట్టించుకోవడం ప్రమాదం. ఈ ఒక్క కారణానికే హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లడం సమంజసం అంటాను.

మూడోది, రక్తంలో కాల్షియం. ఎముకను క్యాన్సర్ తింటుంటే ఒక్కోసారి కాల్షియం పెరుగుతుంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, మత్తు, మాట తడబడటం వస్తాయి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఇవన్నీ ఎండదెబ్బ ఖాతాలో వేసేస్తారు. కాల్షియం ఎక్కువుంటే ముందు సెలైన్, మందులతో దించాకే మత్తు ఇస్తారు.

కీమో మధ్యలో ఉన్నవాళ్లకు ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎప్పుడు కోలుకుంటాయో చూసి తేదీ పెట్టాలి. క్యాన్సర్ డాక్టర్, ఎముకల డాక్టర్ ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకునేలా చేయండి. మధ్యలో మీరు కబుర్లు మోస్తే సగం పోతాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఆపరేషన్, కరెంటు రెండూ ఒకేచోట దొరుకుతాయా, వేర్వేరు ఊళ్లలోనా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

6. ఆపరేషన్‌లో ఏం చేస్తారు

తొడ ఎముక పైభాగం, నడిభాగం మచ్చలకు ఎముక లోపల పొడుగాటి రాడ్, పైన తుంటి గుండులోకి ఒక స్క్రూ. ఎముక మొత్తానికీ ఆసరా ఉండాలి, కాబట్టి రాడ్ పొడుగుదే అడగండి. తుంటి మెడ, గుండు బాగా తినేసి ఉంటే రాడ్ పనికిరాదు, ఆ భాగం తీసేసి కృత్రిమ కీలు పెడతారు. ఖాళీ పెద్దదైతే ఎముక సిమెంటు కూడా నింపుతారు. ఎముక లోపల తొలిచినప్పుడు వచ్చిన పొడిని బయాప్సీకి పంపమని ముందే చెప్పండి.

రాడ్ వేసేటప్పుడు మూలుగలోని కొవ్వు, కణాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఊపిరితిత్తుల్లో ముందే క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రెండు తొడలకూ ఒకేరోజు చేయించుకునేవాళ్లకు ఇది ఎక్కువ. రెండు కాళ్లకూ కావాలంటే ఒకే రోజు చేస్తారా, విడిగానా అని అడగడం తప్పేమీ కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు ఇంటికొచ్చాక ఎన్నాళ్లు వాడాలో రాయించుకోండి.

మనిషి చాలా నీరసంగా, మిగిలింది కొద్ది వారాలే అన్న స్థితిలో ఉంటే స్కోరు 11 వచ్చినా ఆపరేషన్ వద్దనుకోవడం తప్పు కాదు. అప్పుడు ఒక్కసారి కరెంటు, సరిపడా మార్ఫిన్, మంచం మీద జాగ్రత్త. ఈ మాట డాక్టరు ఎత్తకపోతే మీరే ఎత్తండి.

7. కరెంటు ఎలా, ఎప్పుడు

ఆపరేషన్ లేకుండా కరెంటు ఒక్కటే అయితే నొప్పికి 8 గ్రే డోసు ఒక్కసారిగా ఇస్తే చాలు. 20 గ్రే ఐదు రోజులు, 30 గ్రే పది రోజులు ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి. నొప్పి తగ్గడంలో ఒక్క డోసు వీటికి తీసిపోదు. కాకపోతే తర్వాత రెండోసారి కరెంటు అవసరమయ్యేవాళ్లు ఒక్క డోసు తీసుకున్నవాళ్లలో ఎక్కువ. పల్లె నుంచి రోజూ బస్సులో కుదుపులు తిని రావడం కష్టమైతే ఒక్క డోసు గురించి అడగండి. మచ్చ పెద్దదై, ఆపరేషన్ కుదరని తొడ ఎముకకు పది రోజుల పద్ధతి వైపు చాలామంది డాక్టర్లు మొగ్గుతారు.

మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి పెరగొచ్చు. కరెంటు పడలేదని భయపడకండి, ఇది మామూలే. దీనికి డెక్సామెథాసోన్ ఇస్తారు. షుగరు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. నొప్పి తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

రాడ్ వేశాక కరెంటు మానేస్తే క్యాన్సర్ ఎముకను తింటూనే ఉంటుంది, రాడ్ చుట్టూ వదులవుతుంది. పుండు మానాక, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల మధ్య మొదలుపెడతారు. ఇక్కడ ఒక తప్పు తరచూ చూస్తుంటాను. ఆపరేషన్ ఒక ఊళ్లో, కరెంటు ఇంకో ఊళ్లో. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే తీసుకుపోరు, పాత ఫిల్ము చూసి మచ్చకు మాత్రమే కరెంటు పెడతారు. రాడ్ తొలిచిన దారంతా కణాలు పడి ఉండొచ్చు కాబట్టి రాడ్ పొడవు మొత్తం కరెంటు పడాలి. ఆపరేషన్ నోట్సు, కొత్త ఎక్స్‌రే, కుట్లు తీసిన తేదీ ఒకే కవర్లో పెట్టి తీసుకువెళ్లండి.

ఎముక బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు గానీ డెనోసుమాబ్ గానీ ఇస్తారు. మొదటి డోసుకు ముందే పళ్ల డాక్టరుకు చూపించి, తీయాల్సిన పన్ను ఉంటే తీయించేయండి. మందు మొదలయ్యాక పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా పోవచ్చు.

8. ఫలితం ఎలా తెలుసుకోవాలి

రాడ్ పడ్డవాళ్లను చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే వాకర్‌తో పూర్తి బరువు మోపి నడిపిస్తారు. రాడ్ వేసేదే అందుకు. "మూడు నెలలు మంచం" అన్నారంటే కారణం అడగండి.

కరెంటు మాత్రమే పెట్టించుకున్నవాళ్లు నొప్పి తగ్గినా వాకర్ వదలొద్దు. ఆరు వారాలకొక ఎక్స్‌రే, మూడు నెలలకు ఇంకొకటి తీయించి పాతదాని పక్కన పెట్టి చూపించండి. మచ్చ అంచు తెల్లబడి, లోపల పూడుతూ ఉంటే అప్పుడు వాకర్ నుంచి చేతికర్రకు మారొచ్చు. మచ్చ పెద్దదైనా, నడిస్తే వచ్చే నొప్పి ఆరు వారాలకూ పోకపోయినా స్కోరు మళ్లీ మొదటి నుంచి వేయించండి.

టప్పుమని శబ్దం వచ్చి కాలు ఎత్తలేకపోతే, పాదం బయటకు తిరిగిపోయి కాలు పొట్టిగా కనిపిస్తే విరిగిందనే అనుకోండి. లాగి సరిచేయొద్దు. రెండు కాళ్ల మధ్య దుప్పటి మడిచి పెట్టి, బాగున్న కాలికి దీన్ని రెండు మూడు చోట్ల కట్టి, కదల్చకుండా 108కి ఫోన్ చేయండి. తిండి, నీళ్లు పెట్టకండి, అదే రోజు మత్తు ఇవ్వాల్సి రావొచ్చు.

రాడ్ ఉన్న కాలికి నెలల తర్వాత తొడలో కొత్తగా నొప్పి మొదలైతే "రాడ్ ఉంది కదా, ఏమీ కాదు" అనుకోకండి. ఎముక అతుక్కోకుండా బరువంతా రాడ్ మీదే పడుతుంటే, కొన్నాళ్లకు రాడ్ అయినా స్క్రూ అయినా విరుగుతుంది. వాకర్ మళ్లీ చేతికిచ్చి, తుంటి నుంచి మోకాలి దాకా ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆ వారమే చూపించండి.